దిగవద్దా, దిగవచ్చా? పీడీఎఫ్‌లో డబ్బాలైపోయే మన అక్షరాలు

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడింది, చదవడానికి వీలుగా కొద్దిగా సరిచేసి ఇక్కడ పెట్టాం.)

నేను మెల్‌బోర్న్ పడమటి వైపు వెర్రిబీలో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. ఐటీఐ చదివాను, కంప్యూటర్ చదువు చదవలేదు. ఇప్పుడు చెప్పబోయేది సైట్‌లో ఒక ఉదయం ఎదురుదెబ్బ తిని నేర్చుకున్నది. గల్ఫ్‌లో ఉన్నా, సింగపూర్‌లో ఉన్నా, ఎవరికైనా తెలుగులో ఒక కాగితం తయారుచేసి పంపేవాళ్లకి పనికొస్తుందని చెప్తున్నా.

మా విక్టోరియాలో 2004 నాటి ఆక్యుపేషనల్ హెల్త్ అండ్ సేఫ్టీ చట్టం ఉంది. దాని 22వ సెక్షన్ ప్రకారం భద్రత సమాచారాన్ని పనివాళ్లకి తగిన భాషల్లో ఇవ్వాలి. మా గ్యాంగ్‌లో కొందరు మన తెలుగువాళ్లే. ఇంగ్లిష్ మాట్లాడతారు, కానీ పొద్దున్నే ఆరున్నరకి గేటు దగ్గర ఇంగ్లిష్ కాగితం నిలబడి చదవమంటే ఎవరూ చదవరు. అందుకని ఇంగ్లిష్ షీట్ పక్కనే తెలుగులో ఒక పేజీ అంటించడం అలవాటు చేసుకున్నాను.

ఆ రోజు డ్రైనేజీ పైపుల పని. రెండు గోతులు, రెండూ 1.5 మీటర్ల కంటే లోతు. ఇక్కడి నిబంధనల్లో 1.5 మీటర్లు దాటిన ట్రెంచ్ అంటే హై రిస్క్ పని కింద లెక్క. పని ఎలా చెయ్యాలో ముందే రాసిపెట్టుకోవాలి. కుడి గోతికి షోరింగ్ అయిపోయింది. ఎడమ గోతికి ఇంకా పెట్టలేదు, గోడలు ఎప్పుడైనా జారొచ్చు. ముందు రోజు రాత్రి ఇంట్లో లాప్‌టాప్ మీద రెండు లైన్లు పెద్ద అక్షరాలతో రాశాను:

ఎడమ గోతిలోకి దిగవద్దు.
కుడి గోతిలోకి దిగవచ్చు.

పీడీఎఫ్ చేశాను, తెరిచి చూసుకున్నాను, చక్కగా ఉంది. సైట్ ఆఫీసుకి ఈమెయిల్ చేశాను. పొద్దున అక్కడి కుర్రాడు ప్రింట్ తీసి గేటు దగ్గర అంటించేశాడు. అతనికి తెలుగు రాదు, అందులో తప్పు ఉందని ఎలా తెలుస్తుంది? ఆ కాగితం మీద ఉన్నది ఇది:

```
ఎడమ □□□□ □గవ□
□□ □□□□ □గవ□
```

నేను టూల్‌బాక్స్ టాక్‌కి వెళ్లేసరికి మా గ్యాంగ్‌లో కొత్తగా చేరిన తమ్ముడొకడు కాగితం ముందు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "అన్నా, ఎడమ దాంట్లోకి దిగాలా, దిగొద్దా?" అన్నాడు. కాగితం చూశాక నాకు నోట మాట రాలేదు. "దిగవద్దు"కీ "దిగవచ్చు"కీ తేడా అంతా చివరి అక్షరంలోనే ఉంది. అక్కడ రెండు లైన్లలోనూ ఒకే డబ్బా. పైగా ఆ కాగితం మొత్తంలో పూర్తిగా చదవగలిగిన మాట ఒక్కటే, అది "ఎడమ". వాడు అడగబట్టి సరిపోయింది. అడక్కుండా, రాసి ఉన్న ఒక్క మాటనీ పట్టుకుని ఎడమవైపు వెళ్లి ఉంటే?

ఆ సాయంత్రం కూర్చుని అసలు ఏం జరిగిందో వెతికాను. అర్థం కావడానికి కొన్ని రోజులు పట్టింది. ముందు ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. "ఎడమ" బాగానే వచ్చింది, "దిగవద్దు"లో "గవ" కూడా వచ్చింది. "ది", "ద్దు" మాత్రం ఎందుకు పోయాయి?

కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ యూనికోడ్ అని ఒక నంబరు ఉంటుంది. ఎ, డ, మ, గ, వ, వీటికి తలా ఒక నంబరు ఉంది. కానీ "ది"కి సొంత నంబరు లేదు. అది ద, గుడి, రెండు నంబర్లు. "ద్దు"కీ లేదు. అది ద, పొల్లు, మళ్లీ ద, కొమ్ము, మొత్తం నాలుగు. ఇలా ఉంటుంది:

```
ది   = U+0C26 U+0C3F
ద్దు = U+0C26 U+0C4D U+0C26 U+0C41
చ్చు = U+0C1A U+0C4D U+0C1A U+0C41
```

ఈ నాలుగు నంబర్లనీ కలిపి, కింద వత్తు, పక్కన కొమ్ము పెట్టి ఒక అక్షరంగా మార్చే పని ఫాంటూ ప్రోగ్రామూ కలిసి చేస్తాయి. దాన్ని షేపింగ్ అంటారు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే యాప్‌లు ఆగిపోయిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. జ, ఞ కలిసిన అక్షరం అది. ఆ తప్పు కూడా ఈ కలిపే దగ్గరే వచ్చింది. ఆపిల్ వాళ్లు ఆ నెలలోనే iOS 11.2.6 ఇచ్చి సరిచేశారు.

సరే, కలిపిన తర్వాత వచ్చిన బొమ్మకి యూనికోడ్ నంబరు లేదు కదా. మరి పీడీఎఫ్‌లో దాన్ని ఎలా రాస్తారు? సైట్ భాషలో చెప్తా. కంబి పని చేసినవాళ్లకి బార్ బెండింగ్ షెడ్యూల్ తెలుసు. డ్రాయింగ్‌లో ప్రతి కంబినీ వంపులతో సహా గీయరు, బార్ మార్క్ 07 అని రాస్తారు. 07 అంటే ఏ వంపు, ఎంత పొడవు అన్నది షెడ్యూల్‌లో ఉంటుంది. షెడ్యూల్ లేకుండా డ్రాయింగ్ ఒక్కటే పంపితే ఫిక్సర్ ఏం చేస్తాడు? ఇంకో బిల్డింగ్ షెడ్యూల్ తీసి చూస్తే అక్కడ 07 ఉంటుంది, కానీ అది వేరే వంపు.

పీడీఎఫ్ కూడా అంతే. తెలుగు లైన్ ఉన్న చోట సాధారణంగా అందులో రాసి ఉండేది అక్షరాలు కావు, "ఫలానా ఫాంట్‌లో 214వ బొమ్మ, తర్వాత 37వ బొమ్మ" అని. ఆ 214 అన్న నంబరు ఆ ఒక్క ఫాంట్‌కే చెల్లుతుంది. వేరే తెలుగు ఫాంట్‌లో 214 అంటే ఇంకేదో అక్షరం, లేదా అసలు ఏమీ ఉండదు. ఆ బొమ్మల పుస్తకాన్ని, అంటే ఫాంట్‌ని, పీడీఎఫ్ లోపలే పెట్టి పంపడాన్ని ఫాంట్ ఎంబెడ్ చెయ్యడం అంటారు. పెట్టకపోతే అవతలి కంప్యూటర్ తన దగ్గరున్న ఫాంట్‌తో సర్దుకోవాలని చూస్తుంది.

ఆ రోజు సైట్ ఆఫీసులో జరిగింది అదే. బొమ్మ నంబర్ల పక్కన, ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే ఇంకో పట్టిక కూడా పీడీఎఫ్‌లో ఉండొచ్చు. కాపీ చెయ్యడానికీ, వెతకడానికీ అది పనికొస్తుంది. అక్కడి ప్రోగ్రాం ఆ పట్టిక పట్టుకుని "ఎ", "డ", "మ", "గ", "వ" లాంటి విడి అక్షరాలని తన దగ్గరున్న ఫాంట్‌లోంచి తెచ్చుకోగలిగింది. ఒక నంబరుకి ఒక బొమ్మ కాబట్టి దొరికాయి. కలిసిన అక్షరాలకి అలా ఒక్క నంబరు లేదు కాబట్టి దొరకలేదు. దొరకని చోట డబ్బా పెట్టేసింది. నేను వాడిన ఫాంట్‌లో "ద్దు", "చ్చు" ఒక్కొక్కటీ ఒకే బొమ్మగా ఉన్నాయి, అందుకని మొత్తం పోయాయి. అన్ని ఫాంట్లూ అలా ఉండవు. కొన్నిట్లో ద ఒక బొమ్మ, కింది వత్తు ఇంకో బొమ్మ. అప్పుడు "ద" మిగిలి వత్తు మాత్రం డబ్బా అవుతుంది, లేదా మాయమవుతుంది.

మరి నా లాప్‌టాప్‌లో ఎందుకు బాగుంది? ఆ ఫాంట్ అందులో ఇన్‌స్టాల్ అయి ఉంది. పీడీఎఫ్‌లో పుస్తకం లేకపోయినా, పేరు చూసి నా లాప్‌టాప్‌లోంచే తెచ్చుకుంది. అందుకే చెప్తున్నా, తయారుచేసిన కంప్యూటర్ మీదే తెరిచి చూసుకుంటే ఏమీ తేలదు. ఇంగ్లిష్ కాగితాలకి ఈ బాధ పెద్దగా కనపడదు. ఇంగ్లిష్‌లో అక్షరాలు ఇలా కలవవు, ఏ కంప్యూటర్‌లో అయినా ఏదో ఒక ఇంగ్లిష్ ఫాంట్ ఉంటుంది. అక్షరం ఆకారం కాస్త మారుతుంది గానీ మాట పోదు.

తప్పు ఎక్కడ జరిగిందో తేల్చడం ఇప్పుడు చెప్తా. కంప్యూటర్‌లో అడోబ్ రీడర్ ఉంటే పీడీఎఫ్ తెరిచి `Ctrl+D` నొక్కండి. ఒక చిన్న కిటికీ వస్తుంది, అందులో `Fonts` అని ఉన్న దాని మీద నొక్కండి. ఆ పీడీఎఫ్‌లో వాడిన ఫాంట్ల పేర్లు కనిపిస్తాయి. తెలుగు ఫాంట్ పేరు పక్కన `(Embedded Subset)` లేదా `(Embedded)` అని ఉంటే పుస్తకం లోపలే ఉన్నట్టు. పేరు ఒక్కటే ఉండి పక్కన ఆ మాట లేకపోతే పుస్తకం రాలేదన్నట్టు. నా ఫైల్‌లో ఆ మాట లేదు. నేను వాడింది ఎప్పుడో ఫ్రీగా దించుకున్న ఒక పీడీఎఫ్ ప్రింటర్ ప్రోగ్రాం. ఫైల్ సైజు తగ్గించడానికి అందులో ఫాంట్ ఎంబెడ్ చెయ్యొద్దని ఎప్పుడో పెట్టి ఉంది. కొన్ని కిలోబైట్లు మిగిలాయి, రెండు లైన్లు పోయాయి.

కమాండ్లు వాడే అలవాటున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఇంకో దారి ఉంది. `pdffonts` అని ఒక చిన్న ప్రోగ్రాం. దానికి ఫైల్ పేరు ఇస్తే చాలు:

```
pdffonts sheet.pdf
```

వచ్చిన పట్టికలో `emb` అన్న నిలువు గీత కింద `yes` ఉంటే ఎంబెడ్ అయింది, `no` ఉంటే కాలేదు.

సరిచెయ్యడం చాలా తేలిక. ఆ ఫ్రీ ప్రోగ్రాంని తీసి పక్కన పెట్టాను. వర్డ్‌లోనే `File`, తర్వాత `Save As`, అక్కడ ఫైల్ రకం `PDF` ఎంచుకున్నాను. కింద `Options` అని ఉంటుంది, అది నొక్కి `PDF/A` అన్న మాట ఉన్న గడిలో టిక్ పెట్టాను. పీడీఎఫ్/ఏ అనేది దస్తావేజులు ఏళ్లపాటు దాచుకోవడానికి 2005లో వచ్చిన ప్రమాణం, ISO 19005 అంటారు. కనిపించే ప్రతి అక్షరానికీ ఫాంట్ లోపల ఉండి తీరాలన్నది దాని నియమం. మామూలుగా సేవ్ చేసినా వర్డ్ చాలావరకు ఫాంట్‌ని ఎంబెడ్ చేస్తుంది. ఈ టిక్ పెడితే అది నియమమే అవుతుంది, అందుకే నేను వదలను. వర్డ్ లేనివాళ్లు లిబ్రే ఆఫీస్ ఫ్రీగా తెచ్చుకోవచ్చు. అందులో కూడా పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ చేసే కిటికీలో `PDF/A` గడి ఉంది.

కొత్త ఫైల్ తెరిచి `Fonts` చూస్తే ఈసారి పక్కన `(Embedded Subset)` అని వచ్చింది. సబ్‌సెట్ అంటే పుస్తకం మొత్తం కాదు, ఈ కాగితంలో వాడిన బొమ్మలు మాత్రమే. అందుకే ఫైల్ పెద్దగా పెరగలేదు. తర్వాత ఆ ఫాంట్ ఎప్పుడూ లేని చోట చూడాలి కదా. నా ఫోన్‌లో తెరిచాను, మా ఆవిడ ఫోన్‌కి వాట్సాప్‌లో పంపి చూశాను, మర్నాడు సైట్ ఆఫీసులో ప్రింట్ తీయించాను. మూడు చోట్లా "దిగవద్దు" అన్నది "దిగవద్దు" లాగే వచ్చింది.

సబ్‌సెట్‌తో ఒక చిక్కు ఉంది, అది కూడా చెప్పాలి. ఒకసారి చేసిన పీడీఎఫ్‌ని ఎడిట్ చేసే ప్రోగ్రాంలో పెట్టి ఒక మాట మార్చారనుకోండి. ఆ కొత్త మాటలోని అక్షరం పాత కాగితంలో లేకపోతే దాని బొమ్మ కూడా లోపల లేదు. మళ్లీ డబ్బానే వస్తుంది. "కుడి" తీసి "మధ్య" అని పెడితే "ధ్య" ఎక్కణ్నించి వస్తుంది? మార్పు ఉంటే వర్డ్ ఫైల్‌లో మార్చి కొత్త పీడీఎఫ్ చెయ్యండి. అందుకని వర్డ్ ఫైల్ ఎప్పుడూ దాచుకోండి.

ఇక ఎంబెడ్ చేసినా బాగుపడని రకం ఒకటి ఉంది. దీన్ని విడిగా గుర్తుపట్టాలి. డబ్బాలు ఉండవు, అక్షరాలన్నీ ఉంటాయి, కానీ వత్తు కిందికి దిగదు. "దిగవద్దు" అన్నది "దిగవద్‌దు" అని వస్తుంది, "కృష్ణ" అన్నది "కృష్‌ణ" అని వస్తుంది. పొల్లు పైన కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, రెండో అక్షరం పూర్తి సైజులో పక్కన నిలబడుతుంది. ఒక వెబ్‌సైట్‌లో పేరు తెలుగులో కొడితే సర్టిఫికెట్ పీడీఎఫ్ ఇచ్చింది. అందులో నాకు ఇలాగే వచ్చింది. `Fonts` చూస్తే ఎంబెడ్ అయ్యే ఉంది. పుస్తకం ఉంది, అందులో వత్తు బొమ్మ కూడా ఉంది, కానీ పీడీఎఫ్ చేసిన ప్రోగ్రాం ఆ బొమ్మని అడగలేదు. ద, పొల్లు, ద అని వరసగా పేర్చేసి ఊరుకుంది. షెడ్యూల్ చేతిలో ఉన్నా కంబి వంచకుండా వేసేసినట్టు.

రెండిటినీ విడదీసే పరీక్ష ఇది. ఒక చోట బాగుండి ఇంకో చోట పాడైతే ఫాంట్ లోపల లేదు, ఎంబెడ్ చేస్తే సరిపోతుంది. ఎక్కడ తెరిచినా ఒకే రకంగా విరిగి ఉంటే షేపింగ్ జరగలేదు. చేసిన ప్రోగ్రాంనే మార్చాలి. అప్పుడు నేను క్రోమ్ బ్రౌజర్ వాడతాను. అందులో తెలుగుని కలిపే పని `HarfBuzz` అనే ప్రోగ్రాం చేస్తుంది. ఆండ్రాయిడ్‌లో, లిబ్రే ఆఫీస్‌లో ఉన్నది కూడా అదే. తెలుగు పేజీ క్రోమ్‌లో తెరిచి `Ctrl+P` కొట్టి `Save as PDF` ఇస్తే వత్తులు వత్తుల్లాగే వస్తాయి, ఫాంట్ కూడా లోపలికి వెళ్తుంది.

ఊరి నుంచి వచ్చే కాగితాల గురించి ఒక మాట. డీటీపీ సెంటర్ వాళ్లు పొలం కాగితమో, శుభలేఖో పీడీఎఫ్ పంపితే తెలుగుకి బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కనిపించడం చాలామందికి అనుభవమే. అది యూనికోడ్‌కి ముందు నాటి పాత ఫాంట్ల పద్ధతి. అందులో తెలుగు బొమ్మలని ఇంగ్లిష్ అక్షరాల నంబర్ల మీద కూర్చోబెట్టారు. ఫాంట్ రాకపోతే కింద ఉన్న ఇంగ్లిష్ బయటపడుతుంది. మీరు ఇక్కడ చెయ్యగలిగింది పెద్దగా ఏమీ లేదు. ఫోన్ చేసి, "ఫాంట్ ఎంబెడ్ చేసి మళ్లీ పీడీఎఫ్ పంపండి" అని అడగండి, వాళ్లకి అర్థమవుతుంది. కానీ దాన్ని కాపీ చేసి వేరే చోట పెడితే మళ్లీ అదే గందరగోళం వస్తుంది. ఎంబెడ్ చేస్తే కంటికి సరిగ్గా కనిపిస్తుంది, ప్రింట్ సరిగ్గా వస్తుంది, అంతవరకే. యూనికోడ్ తెలుగు పీడీఎఫ్‌లో కూడా కాపీ చేస్తే అక్షరాలు అటూ ఇటూ అవ్వడం మామూలే. అనువాదానికి ఇవ్వాల్సిన మాటలని పీడీఎఫ్‌లోంచి కాకుండా అసలు ఫైల్‌లోంచి తీసుకోండి.

ఇప్పుడు నేను చేసే ప్రతి తెలుగు షీట్ అడుగున ఒక చిన్న లైన్ పెడుతున్నాను: క్ష, జ్ఞ, స్త్రీ, ద్దు, చ్చు. ప్రింట్ తీసే కుర్రాడికి తెలుగు రాకపోయినా ఇంగ్లిష్‌లో ఒక ముక్క చెప్పిపెట్టాను. ఆ లైన్‌లో ఎక్కడైనా డబ్బా కనపడితే అంటించొద్దు, నాకు ఫోన్ చెయ్యి అని. మా గ్యాంగ్ వాళ్లకి కూడా అదే చెప్పాను. కాగితం మీద ఒక్క డబ్బా ఉన్నా ఆ కాగితం లేనట్టే, నన్ను అడిగాకే దిగాలి. ఆ రోజు అడిగిన తమ్ముడు ఇప్పుడు రోజూ పొద్దున ముందు ఆ చివరి లైనే చూస్తాడు. పైన రాసింది ఆ తర్వాతే చదువుతాడు.

ఉంటానండి. జాగ్రత్తగా పని చేసుకోండి.